కథలో పాట అతకడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, సవరణ

కథ కోసం మనమే కట్టుకునే జానపద పాట ఎక్కడ చెడుతుందో ఒక్క కథ మీద చూద్దాం. ఒక అక్క పెళ్ళి మానుకుని తమ్ముళ్ళను చదివించింది. వాళ్ళు స్థిరపడి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె రోజూ బావిలో నీళ్ళు తోడుతూ ఒక పాట పాడుకుంటుంది.

లక్షణం: పాట ఉపదేశంలా వినిపిస్తోంది

మొదటి చిత్తులో పాట సాధారణంగా ఇలా వస్తుంది:

అందరి కోసం త్యాగం చేసి
ఒంటరిగానే మిగిలితివమ్మా

నడకలో లోపం లేదు. చిక్కంతా పాటకి కథ ముందే తెలిసిపోవడంలో ఉంది. కథ మొత్తం చదివాక పాఠకుడికి తట్టాల్సిన మాటను పాట మొదటి పేజీలోనే చెప్పేసింది. పైగా నీళ్ళు తోడే మనిషి నోట 'త్యాగం' అన్న మాట రాదు. ఆమె చేతిలో ఉన్నది తాడు, ఎదురుగా ఉన్నది చేద. పాట వాటి గురించే పాడాలి.

తోడవె చేదా, తోడవె నీళ్ళూ
ఊరికి నీళ్ళే, తాడుకు తడియే
నిండిన కడవలు నడిచీ పోయె
ఒడ్డున తాడే ఒంటిగ మిగిలె

ఇందులో అక్క లేదు, తమ్ముళ్ళు లేరు. అయినా కథంతా ఉంది. సవరించేటప్పుడు పాటలోని నామవాచకాలన్నిటి కింద గీత గీయండి. ఆ సన్నివేశంలో చేత్తో తాకలేనివి ఉంటే వాటిని తీసి, తాకగలిగేవి పెట్టండి.

లక్షణం: పాఠకుడు పాటను దాటేసి వచనంలోకి వెళ్ళిపోతున్నాడు

చాలాసార్లు కారణం నిడివి. కథలో పాట నాలుగు పాదాలు దాటితే కన్ను జారిపోతుంది. రెండో కారణం, పాట చెప్పిందే పక్కన వచనమూ చెప్పడం. 'ఆమె గొంతులో ఏదో బాధ పలికింది' అని రాస్తే పాట చదవాల్సిన అవసరం తీరిపోయినట్టే. ఆ వాక్యం కొట్టేసి, పాటను పని మధ్యలో పెట్టండి. ఒక పాదం అయ్యాక చేద నీళ్ళను తాకుతుంది, ఇంకో పాదం అయ్యాక కడవ నిండుతుంది. అప్పుడు పాట కూడా కథనంలో భాగమవుతుంది.

లక్షణం: చదివాక ఒక్క పాదమూ గుర్తుండటం లేదు

మాత్రలు లెక్కపెట్టండి. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి, సున్న ఉన్న అక్షరానికి, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరానికి రెండు. 'తోడవె / చేదా / తోడవె / నీళ్ళూ' అంటే నాలుగేసి మాత్రల చొప్పున నాలుగు గణాలు. 'పోయె', 'మిగిలె' దగ్గర ఒక మాత్ర తక్కువైనా పాడేటప్పుడు చివరి అచ్చు సాగి సరిపోతుంది. జానపదానికి అది తప్పు కాదు. పాదం మధ్యలో తగ్గితే మాత్రం నాలుక తడబడుతుంది.

నడక బాగున్నా గుర్తుండకపోతే, పట్టుకోవడానికి ఒక ఎదురుబొదురు జంట లేదన్నమాట. ఇక్కడ 'ఊరికి నీళ్ళే, తాడుకు తడియే' ఆ పని చేస్తోంది. ఇలాంటి జంట ఒక్కటి చాలు. నాలుగు పాదాలూ మెరవాలని చూస్తే ఏదీ నిలవదు.

జానపదంలా వినిపించాలని ఊతపదాలు చల్లడం వేరే జబ్బు. సువ్వి దంపుడు పాటది, జోజో లాలిది. బావి దగ్గర ఆ రెండూ అతకవు.

లక్షణం: చివర్లో పాట మళ్ళీ వస్తే బలవంతంగా తోస్తోంది

పాటంతా మళ్ళీ అచ్చు వేయడమే ఇందుకు కారణం. పాట మూడుసార్లు రావచ్చు కానీ ప్రతిసారీ తగ్గుతూ రావాలి, పాడే నోరూ మారాలి. మొదట అక్క నాలుగు పాదాలూ పాడుతుంది. అప్పుడది పనిపాట మాత్రమే, దానికి ఏ బరువూ ఉండకూడదు. కథ మధ్యలో చిన్న తమ్ముడు తన పాపకు నీళ్ళు పోస్తూ మొదటి రెండు పాదాలు పాడి, తర్వాతివి గుర్తురాక ఆగిపోతాడు. అతను మరిచినవి ఒడ్డున మిగిలిన తాడు గురించిన పాదాలే. ఆ సంగతి కథకుడు ఎత్తిచూపకూడదు. చివర్లో అతను ఇంటికి వచ్చినప్పుడు అక్క 'ఊరికి నీళ్ళే...' అని ఆపితే, మిగతా సగం పాఠకుడే పూర్తి చేసుకుంటాడు.

అలా పూర్తి చేసుకోలేకపోతున్నాడంటే లోపం చివర్లో ఉండదు, మొదటిసారి పాట వచ్చిన చోట ఉంటుంది. అక్కడ ఆ పాదం తర్వాత ఒక చిన్న పని పెట్టి చూడండి: ఆమె తడిసిన చేతులు చీర చెంగుకు తుడుచుకుని మళ్ళీ అదే పాదం అందుకుంటుంది. కథ తెలియని ఒకరికి చదవమని ఇచ్చి, మర్నాడు ఏ పాదం గుర్తుందో అడగండి. వాళ్ళు వేరే పాదం చెబితే, ముగింపును ఆ పాదం మీదికి మార్చండి.