హమ్టా పాస్ ఎక్కేముందు: ఆకలి లేకపోయినా ఏం తినాలి, ఎంత తాగాలి

మనాలి నుంచి బయల్దేరి బాలూ కా ఘేరా క్యాంపుకు చేరేసరికి చాలామందికి అన్నం సహించదు. ప్లేటు చూస్తేనే వికారం. అక్కడ ఎత్తు 3,600 మీటర్ల పైమాటే. ఆక్సిజన్ తగ్గినకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, తిన్నది కూడా కడుపులోంచి త్వరగా కదలదు. శరీరానికి కావాల్సిన శక్తి మాత్రం మైదానంలో కంటే ఎక్కువ. కాబట్టి ఆకలేస్తే తిందామని కూర్చోవద్దు, గడియారం చూసి తినండి.

పూరీ, వేపుడు, నెయ్యి కారే హల్వా ఇక్కడ బరువు. ఒకే మోతాదు ఆక్సిజన్‌తో కొవ్వు కంటే పిండిపదార్థం నుంచి కాస్త ఎక్కువ శక్తి వస్తుంది, కడుపులో కూడా తేలిగ్గా ఉంటుంది. చారన్నం, పలచటి ఉప్మా, అటుకులు, సూప్‌లో నూడుల్స్, ఉడికించిన బంగాళాదుంప మంచివి. పప్పు విషయంలో జాగ్రత్త: ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా వండిన కందిపప్పు బద్దలుగానే ఉండి రాత్రంతా కడుపు ఉబ్బరిస్తుంది. రుచి కోసం చిన్న డబ్బాలో నిమ్మకాయ పచ్చడి పెట్టుకోండి. నోరు చప్పబడినప్పుడు అదే నాలుగు ముద్దలు దిగేలా చేస్తుంది.

పాస్ దాటే రోజు 4,270 మీటర్ల ఎత్తుకు ఎక్కి షియా గోరు క్యాంపు దాకా దిగాలి, రోజంతా నడకే. పొద్దున్నే కప్పు ఉప్మా, తీపి టీ. తర్వాత గంటకో 30 గ్రాముల మరమరాల ఉండ, రెండు ఖర్జూరాలు. దీంతో 35 గ్రాముల దాకా పిండిపదార్థం అందుతుంది. ఒకేసారి కాకుండా ప్రతి అరగంటకూ కాస్త తినండి. ఇవి జాకెట్ లోపలి జేబులో ఉండాలి. బ్యాగులో పడేస్తే చలికి రాయిలా గట్టిపడతాయి, పైగా దించి తీయడానికి బద్ధకించి ఎవరూ తినరు. జీడిపప్పు, బాదం క్యాంపుకు చేరాక.

నీళ్లు రోజుకు మూడు లీటర్లు, టీ, సూపులతో కలిపి. పొడి గాలికి, ఎగశ్వాసకు ఒంట్లో నీరు తెలియకుండానే పోతుంది. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలు. తెల్లటి నీళ్లలా వస్తున్నా ఇంకా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అప్పుడు వచ్చే తలనొప్పి, వాంతి అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటాయి. అందుకే ఒక లీటరు ఓఆర్‌ఎస్ కలిపినదై ఉండాలి. లీటరు ప్యాకెట్టును అరలీటరులో కలపొద్దు, చిక్కబడి విరేచనాలు పట్టుకోవచ్చు. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకునేవాళ్లకు మూత్రం ఎక్కువ పోతుంది, రంగు చూసే లెక్క వాళ్ల దగ్గర అంత పనికిరాదు.

ఒక్క ఆకలి లేకపోవడమే అయితే ఎత్తు ప్రభావం అనుకోవచ్చు. దానికి తలనొప్పి తోడైతే ఎత్తు జబ్బుగానే లెక్క: ఆ రోజు ఇంకా పైకి వెళ్లకండి, గైడుకు చెప్పండి. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా, ఉన్నకొద్దీ పెరుగుతున్నా కిందికి దిగాలి. నడకలో తూలుతున్నా, కూర్చున్నప్పుడూ ఆయాసం వస్తున్నా రాత్రయినా సరే వెంటనే దింపాలి.