ఫోటోలో ఉన్న టైమ్‌టేబుల్‌ను ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించడం ఎలా?

మా అక్క కూతురు సింగరాయకొండ నుంచి కావలికి రోజూ బస్సులో వెళ్లి డిగ్రీ చదువుతోంది. 2025 జులై 3, గురువారం సాయంత్రం నోటీసు బోర్డు ఫోటో ఒకటి పంపి, "పిన్నీ, దీన్ని క్యాలెండర్‌లో పెట్టివ్వవా?" అని అడిగింది. ఏ పీరియడ్ ఎప్పుడో అందులో ఉంది. సెమిస్టర్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో లేదు. అలారం ఎంత ముందు మోగాలో తనూ చెప్పలేదు. ఈ రెండు ఖాళీలనూ మనకు తోచినట్టు నింపేస్తే ఆ క్యాలెండర్‌ను నమ్మి పిల్ల మోసపోతుంది. అందుకే మేం ఎలా చేశామో వరసగా చెబుతాను.

ముందు ఫోటోను కాగితం మీదికి దించండి. నేరుగా ఫోన్‌లో ఎక్కించకండి. పక్కనుంచి తీసిన ఫోటోలో గీతలు ఏటవాలుగా కనిపిస్తాయి, బుధవారం వరసలో మొదలుపెట్టిన చూపు చివరికొచ్చేసరికి గురువారంలోకి జారిపోతుంది. నేను సరిగ్గా అలాగే జారాను. గడులు లెక్కపెట్టాకే తెలిసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 7, శనివారం 4, మొత్తం 39 రావాలి. నాకు బుధవారం 6, గురువారం 8 వచ్చాయి.

మూడు గడులు కలిపేసిన చోట ల్యాబ్ ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం 1.40 నుంచి 4.10 దాకా అలాంటిదే ఒకటి, లోపల B1, B2 అని రెండు బ్యాచ్‌లు. తను ఏ బ్యాచో అడగకుండా రాయకూడదు. ఇంకోచోట ఉత్త CS అని ఉంది. కంప్యూటర్ సైన్స్ అనుకున్నాను, తీరా అడిగితే కమ్యూనికేషన్ స్కిల్స్. ఇలాంటి అనుమానాలన్నీ ఒకేసారి రాసుకుని ఒక్క ఫోన్‌లో అడిగేయండి.

ఇప్పుడు కంప్యూటర్‌లో, పిల్ల ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్‌తోనే గూగుల్ క్యాలెండర్ తెరిచి, Other calendars పక్కనున్న + నొక్కి, Create new calendar తో కాలేజీకి విడిగా ఒక క్యాలెండర్ చేయండి. పుట్టినరోజులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఉన్న క్యాలెండర్‌లో వీటిని కలపొద్దు. విడిగా ఉంటే, సెమిస్టర్ మారినప్పుడు ఆ ఒక్కదాన్నే తీసేయొచ్చు.

39 గడులకు 39 ఎంట్రీలు అక్కర్లేదు. ఫిజిక్స్ సోమ, బుధ, శుక్రవారాల్లో 9.30కే ఉంది కాబట్టి అది ఒకే ఎంట్రీ. Does not repeat అన్న చోట Custom ఎంచుకుని, వారానికి ఒకసారి అని పెట్టి, ఆ మూడు రోజులనూ నొక్కితే చాలు. ఇలా కలుపుకుంటూ పోతే మాకు 19 ఎంట్రీలతో అయిపోయింది. 1.40 లాంటివి కొట్టేటప్పుడు మాత్రం PM ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ల్యాబ్ అర్ధరాత్రి దాటాక కనిపిస్తుంది.

మొదటి తేదీ దగ్గర, మనకు తెలియని సెమిస్టర్ ప్రారంభాన్ని ఊహించకుండా, వచ్చే సోమవారం జులై 7 నుంచి పెట్టాను. మంగళవారం క్లాసుకు 8, అలా ఏ రోజుది ఆ రోజుకే. Ends దగ్గర Never ఉంచాను. దీనికి కారణం ఉంది. నవంబరులో ముగుస్తుందిలే అని నేనే ఒక తేదీ వేశాననుకోండి, క్లాసులు ఇంకా జరుగుతుంటే ఆ రోజు నుంచి క్యాలెండర్ ఖాళీగా కనిపిస్తుంది. క్లాసు లేదేమోనని పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. Never పెడితే మహా అయితే సెలవు రోజున లేని క్లాసు కనిపిస్తుంది, ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది. ఎంట్రీ వివరణలో "చివరి తేదీ ఇంకా తెలియదు" అని కూడా రాశాను.

అలారాల సంగతి. ఎంట్రీలో 30 minutes లాంటి నోటిఫికేషన్ దానంతటదే వచ్చి కూర్చుంటే పక్కనున్న X నొక్కి తీసేయండి. రోజుకు ఏడుసార్లు ఫోన్ మోగితే రెండో రోజుకే అన్నీ సైలెంట్‌లో పెట్టేస్తారు, అప్పుడు అసలు కావాల్సింది కూడా వినపడదు. అన్నీ తీసేశాక, "నీకు ఎప్పుడు మోగాలమ్మా?" అని అడిగాను. "8 గంటల బస్సు దొరికితే చాలు పిన్నీ" అంది. దాంతో 9.30 ఎంట్రీలకు మాత్రమే 2 గంటల ముందు, అంటే 7.30కి మోగేలా పెట్టాం.

సెలవు వస్తే ఆ రోజు క్లాసు తెరిచి Delete నొక్కి This event ఎంచుకోండి. All events నొక్కితే వారం వారం వచ్చే క్లాసు మొత్తం పోతుంది. కాలేజీ చివరి తేదీ ప్రకటించిన రోజున 19 ఎంట్రీలనూ ఒక్కొక్కటిగా తెరిచి, Never బదులు On ఎంచుకుని ఆ తేదీ వేసి, సేవ్ చేసేటప్పుడు అడిగితే All events అనండి. వివరణలో రాసిన మాట కూడా అప్పుడే తీసేయండి.