మూడవ పాఠం: గంట సంభాషణలోంచి నలభై సెకన్ల ముక్క

గత పాఠంలో మొత్తం సంభాషణ ఒకసారి విని, పనికొచ్చే చోట్ల సమయాలు కాగితం మీద రాసుకున్నాం. ఈసారి ఆ గుర్తుల్లో ఒకదాన్ని తీసుకుని, పూర్తి ఎపిసోడ్‌కు జనాన్ని రప్పించే యూట్యూబ్ షార్ట్ కోసం కోత వేద్దాం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు నడిపే సరంగుతో రికార్డు చేసిన గంటా పన్నెండు నిమిషాల ఎపిసోడ్ మన ముందుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉండే ఆ రోజుల్లోనే ఆయనకు తీరిక దొరికింది.

కాగితం మీద 41వ నిమిషం దగ్గర గుర్తు ఉంది. అక్కడ జరిగింది ఇది. 41:02కి ప్రశ్న మొదలవుతుంది: వేటకు వెళ్లే ముందు ఏర్పాట్లు ఎలా ఉంటాయి? ప్రశ్న అడగడానికే పద్దెనిమిది సెకన్లు పట్టింది. 41:20కి ఆయన అందుకుని, తన తండ్రి కాలంలో ఎలా ఉండేదో కొంత చెప్పారు. 41:38కి అసలు మాట వచ్చింది: "మా బోటులో డీజిల్ కన్నా ముందు ఐసు చూసుకుంటాం. ఐసు అయిపోతే చేప పడుతున్నా వెనక్కి రావాల్సిందే." ఆ తర్వాత ఐసు పొడిని ఒక వరుస, చేపను ఒక వరుస ఎలా పేరుస్తారో 42:09 వరకు వివరించారు. అక్కడి నుంచి ఐసు మోసే కూలీల సంగతిలోకి వెళ్లి, 42:31కి తిరిగొచ్చారు: "ఒక్కసారి మాత్రం ఒడ్డుకు రెండు రోజుల దూరంలో ఉండగా ఐసు కరిగిపోయింది."

కొత్తగా నేర్చుకునేవారు 41:02 దగ్గర కోస్తారు. ప్రశ్న లేకపోతే జవాబు అర్థం కాదన్న భయం అది. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు, ఎందుకంటే ఆయన వాక్యంలోనే ప్రశ్న ఇమిడి ఉంది. డీజిల్ కన్నా ముందు ఐసు ఎందుకు? వినేవారికి ఆ సందేహం కలిగిన మరుక్షణమే రెండో వాక్యం జవాబిస్తోంది. కాబట్టి ముక్క 41:38తో మొదలవ్వాలి. ఒకవేళ ఆయన "అందుకే అది ముందు చూసుకుంటాం" అని ఉంటే ఈ చోటు పనికిరాదు. 'అది' ఏమిటో బయటివారికి తెలియదు. మొదటి వాక్యంలో అది, వాళ్లు, అప్పుడు వంటి మాటలు వెనకటి సంగతిని పట్టుకుని వేలాడుతున్నాయేమో ముందు చూడండి.

ఇక ముగింపు. ముక్క ఒక ప్రశ్నకు పూర్తిగా జవాబివ్వాలి, ఇంకో ప్రశ్నను తెరిచి వదలాలి. ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుకునే సూత్రం ఇదొక్కటే. జవాబు సగంలో ఉండగా కోసేస్తే చూసినవారికి మోసపోయిన భావన కలుగుతుంది, వారు పూర్తి ఎపిసోడ్‌కు రారు. అంతా చెప్పేస్తే రావలసిన అవసరమే ఉండదు. ఇక్కడ ఐసు ఎందుకు ముందు, ఎలా పేరుస్తారు అన్నవి తీరిపోయాయి. ఐసు కరిగిపోయిన రోజు ఏం చేశారన్నది మిగిలింది. అందుకని 41:38 నుంచి 42:09 వరకు ఉంచి, కూలీల సంగతి తీసేసి, 42:31 నుంచి 42:40 వరకు అతికిద్దాం. మొత్తం నలభై సెకన్లు. "కరిగిపోయింది" అన్న మాట తర్వాత ఆయన ముఖాన్ని ఇంకో అర సెకను ఉండనివ్వండి. ఆ మౌనం కూడా కథలో భాగమే.

మధ్యలో తీసేసిన చోట రెండు చిక్కులు వస్తాయి. మొదటిది శబ్దం. హార్బర్‌లో వెనక ఎక్కడో ఒక ఇంజను మోగుతూనే ఉంటుంది. అతుకు దగ్గర ఆ మోత ఒక్కసారిగా మారితే చెవి పట్టేస్తుంది. రెండు ముక్కల ఆడియోను కొద్దిగా ఒకదానిపై ఒకటి కలిపి, ఒకటి తగ్గుతుండగా మరొకటి పెరిగేలా చేయండి. కళ్లు మూసుకుని ఇయర్‌ఫోన్లతో వినండి. అతుకు ఎక్కడుందో చెప్పగలిగితే ఇంకా కుదరలేదన్నమాట.

రెండోది అర్థం. ఇది మరింత పెద్దది. "మా బోటులో" అన్న రెండు మాటలు తీసేస్తే వాక్యం ఇంకా పదునుగా వినిపిస్తుంది. కానీ అప్పుడది అన్ని బోట్లకూ వర్తించే మాట అవుతుంది. బోటులోనే శీతల గది ఉన్నవారి లెక్క వేరు. నా తొలి రోజుల్లో ఒకరి మాటల్లోంచి ఇలాంటి చిన్న షరతునే తీసేశాను. ఆయన తోటివారికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి మాట పరిధిని చెప్పే పదాన్ని నేను ముట్టుకోను.

ఇప్పుడు క్యాప్షన్లు. తెలుగు పదాలు పొడుగు కాబట్టి నిలువు తెరపై వరుసకు నాలుగైదు మాటలే పడతాయి. ఒకసారికి రెండు వరుసలు చాలు. విరుపు అర్థం ఆగే చోట ఉండాలి. "వెనక్కి" ఒక తెరపై, "రావాల్సిందే" మరో తెరపై పడకూడదు. సరంగు మాట ఉత్తరాంధ్ర యాసలో ఉంటే అలాగే రాయండి. చెవికి ఒకటి, కంటికి ఒకటి అందితే చూసేవారు తడబడతారు. ఫైలు ఇలా ఉంటుంది:

```
1
00:00:00,000 --> 00:00:02,600
మా బోటులో డీజిల్ కన్నా ముందు
ఐసు చూసుకుంటాం

2
00:00:02,700 --> 00:00:06,400
ఐసు అయిపోతే చేప పడుతున్నా
వెనక్కి రావాల్సిందే
```

దీన్ని clip.srt పేరుతో UTF-8లో భద్రపరచి, ఈ ffmpeg ఆదేశంతో వీడియోపై ముద్రించండి:

```
ffmpeg -i clip.mp4 -vf "subtitles=clip.srt:force_style='FontName=Noto Sans Telugu,Fontsize=10,MarginV=60'" -c:a copy out.mp4
```

ఇక్కడ తెర ఎత్తును 288 పాళ్లుగా లెక్కిస్తారు. MarginV=60 అంటే అడుగు నుంచి దాదాపు ఐదో వంతు పైకి. షార్ట్స్‌లో ఆ కింది భాగాన్ని ఛానెల్ పేరు, శీర్షిక కప్పేస్తాయి కనుక ఈ ఎడం తప్పనిసరి. ముద్రించాక ఒత్తులు చూడండి. "వెనక్కి"లో క-ఒత్తు కిందికి దిగకుండా పొల్లుతో విడిగా కనిపిస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు కూర్చడం రాదని అర్థం. ఫాంటు మార్చి ప్రయోజనం లేదు, పరికరాన్నే మార్చాలి. అక్షరాలకు బదులుగా డబ్బాలు కనిపిస్తే మాత్రం ఫాంటు దొరకలేదన్నమాట.

చివరగా పూర్తి ఎపిసోడ్‌కు దారి. షార్ట్స్ వివరణలో, వ్యాఖ్యల్లో పెట్టే లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు. యూట్యూబ్ స్టూడియోలో ఆ షార్ట్‌ను తెరిచి, Related video అన్న చోట పూర్తి ఎపిసోడ్‌ను ఎంచుకోండి. అంతటితో పని అయిపోదు. వచ్చిన మనిషి ముందు గంటా పన్నెండు నిమిషాలు ఉన్నాయి. తాను విన్న మాట ఎక్కడుందో తెలియకపోతే వెనుదిరుగుతాడు. పూర్తి ఎపిసోడ్ వివరణలో అధ్యాయాలు రాయండి. మొదటిది 0:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకూడదు. మన ముక్క కోసం ఈ రెండూ చేర్చండి:

```
41:38 డీజిల్ కన్నా ముందు ఐసు
42:31 ఐసు కరిగిపోయిన రోజు
```

ముక్కలో విన్న మాటలే అధ్యాయాల పేర్లయ్యాయి కాబట్టి కన్ను వెంటనే పట్టుకుంటుంది.

వచ్చే పాఠానికి ముందు మీ గుర్తుల్లో ఒకదానికి మూడు వేర్వేరు ప్రారంభాలు కోసి, సంభాషణ వినని ఒకరికి ఒక్కో ప్రారంభంలో మొదటి ఐదు సెకన్లే చూపించండి. దేని తర్వాత వారు "ఎందుకు?" అని అడిగారో రాసిపెట్టుకోండి. నాలుగవ పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడతాం.