పొంగలి తిన్న రెండు గంటలకు వణుకు

పుండు ముదిరి నా జీర్ణాశయంలో సగానికి పైగా తీసేశారు. తిరుపతిలో ఇంటికి వచ్చిన నెలకు కొత్త బాధ మొదలైంది. చక్కెర పొంగలి తిని గ్లాసుడు నీళ్లు తాగితే, ఇరవై నిమిషాలకే గుండెదడ, కడుపులో గుడగుడ, విరేచనం. అది సద్దుమణిగాక, రెండు గంటలకు చెమటలు, చేతుల వణుకు.

మొదటిది, ఆహారం ఒక్కసారిగా చిన్నపేగులోకి జారి అక్కడికి నీటిని లాగడం వల్ల. రెండోది వేరు: చక్కెర వేగంగా రక్తంలో చేరితే ఇన్సులిన్ మితిమీరి ఊరుతుంది, ఆపై చక్కెర పడిపోతుంది. వణుకుతున్నప్పుడు గ్లూకోమీటర్‌లో 52 కనిపించింది. అంతవరకు నీరసమనుకుని గ్లాసు నిండా బెల్లం నీళ్లు తాగేవాణ్ణి. కాసేపు తేరుకుని మళ్లీ జారిపోయేవాణ్ణి.

“నీళ్లు భోజనంతో వద్దండీ, అరగంట తర్వాత తాగండి” అంది ఆహార నిపుణురాలు. మూడు పూటల తిండిని ఆరుగా విడగొట్టాను. ముందు గుడ్డు లేదా గట్టి పప్పు, తర్వాతే చిన్న సంగటి ముద్ద. తిన్నాక పావుగంట పడుకుంటాను. చక్కెర పడిపోతే కొద్దిగా గ్లూకోజు, అది కుదుటపడగానే వేరుశనగలు.

మూడు వారాల్లో వణుకు పోయింది. లడ్డూ ప్రసాదం మాత్రం చిటికెడు దాటితే గుడగుడ తప్పదు.