తడికి ఒక సంచి, పొడికి ఒక సంచి: హాస్టల్‌కు స్నానం సామాను సర్దడం ఎలా?

మా తమ్ముడు చదువుకోసం ఢిల్లీ వెళ్ళినప్పుడు సబ్బు, బ్రష్షు, నూనె, దువ్వెన, రేజర్ అన్నీ ఒకే జిప్పు సంచిలో పెట్టి పంపాను. పది రోజులకే ఫోను చేసి, దువ్వెనకు సబ్బు జిడ్డు అంటుకుంటోందని, రేజర్ తుప్పు పట్టిందని, సంచి ముక్కవాసన వస్తోందని చెప్పాడు. సామాను సరైనదే, సర్దిన తీరే తప్పు. హాస్టల్లో స్నానాలగది గదికి దూరంగా ఉంటుంది. లోపల అలమర ఉండదు, మేకో కొక్కెమో ఒకటి ఉంటే గొప్ప. వాడిన వస్తువులను తడితోనే గదికి తెచ్చుకోవాలి. ఈ తడి ఎక్కడికి పోవాలో ముందే ఆలోచించి సర్దాలి.

మొదట అన్నిటినీ మంచం మీద పరచి రెండు కుప్పలు చేయండి. సబ్బు, షాంపూ, బ్రష్షు, పేస్టు, రేజర్ తడి కుప్ప. దువ్వెన, నెయిల్ కట్టర్, చిన్న కత్తెర, నూనె, క్రీము, దూది పొడి కుప్ప. ఆడపిల్లలైతే ప్యాడ్లు, వాటిని చుట్టి పారేయడానికి పాత కాగితాలు కూడా ఇందులోకే. పొడి కుప్పకు మామూలు జిప్పు సంచి చాలు. తడి కుప్పకు మాత్రం తగిలించడానికి తాడున్న వల సంచి కావాలి. నీళ్ళు కారిపోతాయి, గాలి ఆడుతుంది, మేకుకు వేలాడదీయవచ్చు.

తర్వాత ఎంత పెట్టాలో లెక్క వేయండి. ఆరు నెలల సరుకు మోయనక్కరలేదు, పదిహేను రోజులకు సరిపోతే చాలు. ఈలోగా దగ్గరలో దుకాణం ఎక్కడుందో పిల్లలే తెలుసుకుంటారు. వారానికి రెండుసార్లు తలంటుకుంటే నాలుగు షాంపూ ప్యాకెట్లు, జుట్టు పొడుగైతే ఎనిమిది. రోజు విడిచి రోజు ఒక చెంచా నూనె అంటే సుమారు 40 మిల్లీలీటర్లు, కాబట్టి 50 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. ఒక చిన్న సబ్బు, ఒక చిన్న పేస్టు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల లోపు చలికి గడ్డకడుతుంది. ఉత్తరాదికి వెళ్ళేవారికి సన్నమూతి సీసాలో పోసిస్తే చలికాలంలో చుక్క కూడా బయటికి రాదు. వేలు పట్టేంత వెడల్పు మూతి ఉన్న డబ్బాలో పోయండి.

సీసాలు కారకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం. మూత తీసి, సీసా మూతి మీద చిన్న పాలిథిన్ ముక్క పరచి, దానిపై మూత గట్టిగా బిగించండి. ప్రయాణానికి ముందురోజు రాత్రి సీసాను వార్తాపత్రిక మీద తలకిందులుగా పెట్టి ఉంచండి. పొద్దున కాగితంపై మరక కనిపిస్తే ఆ సీసా పనికిరాదు, మార్చేయండి. విమానంలో అయితే పైకి వెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి, సీసాలోని గాలి వ్యాకోచించి నూనెను బయటికి నెడుతుంది. మెత్తటి సీసాను కాస్త నొక్కి గాలి పోగొట్టి మూత బిగిస్తే ఆ బెడద తగ్గుతుంది. విడి బ్లేడ్లు, కత్తెర చేతి సంచిలో పెట్టకండి, చెకిన్ సామానులోకి పంపండి.

సబ్బుపెట్టెకు అడుగున రంధ్రాలు ఉండాలి. నీళ్ళు నిలిచే పెట్టెలో సబ్బు నాని, వారంలోనే ముద్దలా తయారవుతుంది. బ్రష్షు విషయంలో చాలామంది చేసే పొరపాటు, తడి బ్రష్షుకు వెంటనే తొడుగు వేసి మూసేయడం. లోపలి తడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. విదిలించి, గదిలో నిలబెట్టి ఆరనిచ్చి, ప్రయాణంలో మాత్రమే తొడుగు వేయాలి. రేజర్‌ను కడిగి విదిలించి, కొక్కేనికి తగిలించాలి.

చివరగా, ప్రతి వస్తువు మీద చెరిగిపోని మార్కర్‌తో పేరు రాయండి. హాస్టల్లో "ఒక్కసారి ఇవ్వరా" అని అడగడం మామూలే. పేస్టు, షాంపూ ఇవ్వవచ్చు. రేజర్, నెయిల్ కట్టర్, బ్రష్షు మాత్రం ఎంత స్నేహితుడికైనా ఇవ్వకూడదు. కంటికి కనిపించని రక్తపు మరకలోనూ హెపటైటిస్ బి వైరస్ ఉండవచ్చు, అది శరీరం బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దువ్వెన ద్వారా పేలు, తువ్వాలు ద్వారా తామర అంటుకుంటాయి. ఈ మాట సర్దేటప్పుడే పిల్లలకు చెప్పండి, అక్కడికి వెళ్ళాక మొహమాటానికి కాదనలేకపోతారు.

రెండోసారి తమ్ముడికి ఇలాగే సర్ది పంపాను. వల సంచి పగలు కిటికీ ఊచకు వేలాడుతోందని, తొలి రేజర్‌లా ఇది తుప్పు పట్టలేదని సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పాడు.