పచ్చళ్ళ వ్యాపారానికి పేరు: ఒక్క పూటలో మూడు వందల పేర్లు రాయడం ఎలా?

బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. పేరు పెట్టే దగ్గర మాత్రం చాలామంది "అమ్మ చేతి", "ఇంటి రుచి", "ఆంధ్రా" చుట్టూనే తిరుగుతారు. కారణం ఒకటే. మంచి పేరు కోసం ఆలోచిస్తూ, తట్టిన ప్రతి పేరునూ అప్పటికప్పుడే తూకం వేస్తారు. ముందు రాయాలి, ఏరడం తర్వాత. ఈ రెండు పనులూ ఒకే కూర్చోవడంలో చేయకండి.

మొదట కాగితం మీద ఐదారు కోవలు పెట్టుకోండి. దినుసులు, ఊళ్ళు, రుచులు అందరికీ తడతాయి కాబట్టి వాటికి ఒక్క జాబితా చాలు. పైగా సరుకు రకాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును మాత్రమే చెప్పే పేరుకు 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ అడ్డొస్తుంది. "గుంటూరు కారం పొడి" అని రాసుకుంటే దాన్ని మీ ఒక్కరి పేరుగా నిలబెట్టుకోవడం కష్టం. అందుకే పక్కదారి కోవలు ఎక్కువ పెట్టుకోవాలి: వంటింటి సామాను, కొలతలు, చప్పుళ్ళు, ఇంట్లోని చోట్లు, కాలాలు.

ఒక్కో కోవకు ఏడెనిమిది నిమిషాలు గడియారం పెట్టుకోండి. ఇంట్లో ఇద్దరుంటే విడివిడిగా రాసి, తర్వాత కలపండి. కలిసి కూర్చుంటే ఒకరి మాట రెండోవారిని తనవైపు లాగేస్తుంది. పది పన్నెండు మాటలయ్యాక కలం ఆగుతుంది. అప్పుడు కొత్త కోవకు పోకుండా ఉన్నదాన్నే చీల్చండి. "వంటింటి సామాను" దగ్గర ఆగిపోతే నూరేవి ఏవి అని అడగండి: రోలు, పొత్రం, తిరగలి, సన్నికల్లు. దాచేవి? జాడీ, ఉట్టి, దుత్త, పోపుల పెట్టె. వడ్డించేవి? గరిటె, విస్తరి. కొలతల్లోనూ అంతే. గిద్ద, సోల, తవ్వ ఒక గుంపు. చిటికెడు, గుప్పెడు, దోసెడు ఇంకో గుంపు. చప్పుళ్ళ కోవను మాత్రం వదలకండి. చిటపట, కరకర లాంటి మాటలు మన భాషలో బోలెడు ఉన్నాయి, ఒకసారి వింటే గుర్తుండిపోతాయి.

ఇక కలపడం. గూగుల్ షీట్స్‌లో A2 నుంచి A21 వరకు ముందు వచ్చే 20 మాటలు, B1 నుంచి P1 వరకు వెనక వచ్చే 15 మాటలు రాయండి. B2లో ఈ సూత్రం పెట్టి P21 దాకా లాగండి:

```
=$A2&" "&B$1
```

300 జంటలు వస్తాయి. వేరే షీట్ అక్కర్లేదు, ఖాళీగా ఉన్న R1లో ఇది రాస్తే అన్నీ ఒకే వరుసలోకి దిగుతాయి:

```
=TOCOL(B2:P21)
```

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. A వరుసలో మాటను ఉన్నదున్నట్టు రాస్తే "రోలు మోత", "పెరడు పోపు" అని వస్తాయి, రెండు మాటలూ దేనికది అన్నట్టుంటాయి. ముందుమాటను సమాసంలో పలికే రూపంలో రాయండి: రోటి, పెరటి, వాకిటి, ఇంటి. అప్పుడు "రోటి మోత", "పెరటి పోపు", "వాకిటి జాడీ" అని నోటికి కుదిరే పేర్లు వస్తాయి. తిరగలి, వేసవి, గుప్పెడు లాంటివి మారవు; "తిరగలి మోత", "గుప్పెడు కారం" అలాగే నడుస్తాయి. జంటలన్నీ ఒకే వాసన కొడుతుంటే పేర్ల జోలికి పోకండి. లోపం జాబితాలో ఉంటుంది. A వరుసలో ఐదు మాటలు తీసేసి, ఇంకో కోవ నుంచి ఐదు వేస్తే 75 జంటలు మారిపోతాయి.

ఆ రోజుకు షీట్ మూసేయండి. మర్నాడు పైకి చదువుతూ, ఆగకుండా, నచ్చినవాటికి టిక్ పెట్టండి. కంటికి దొరకనివి చెవికి దొరుకుతాయి. "ఉట్టి కారం" రాతలో బాగుంటుంది, వింటే మాత్రం కారం తప్ప ఇంకేం లేదన్నట్టు వినిపిస్తుంది. బెంగళూరు కాబట్టి పక్కింటి కన్నడ వాళ్ళ చేత కూడా ఒకసారి చదివించండి. "ముద్ద" ఉన్న పేరు వినగానే వాళ్ళకు రాగిముద్దే గుర్తొస్తుంది. రాగిపిండి అమ్మేవాళ్ళకు అది లాభం, ఆవకాయ అమ్మేవాళ్ళకు తికమక.

టిక్కులు పాతిక ముప్పైకి దిగాక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఒక్కో పేరూ వెతకండి. పచ్చళ్ళు 29వ తరగతిలోకి, మసాలా పొడులు 30వ తరగతిలోకి వస్తాయి కాబట్టి రెండింటిలోనూ చూడాలి. స్పెల్లింగ్ మార్చి కూడా వెతకండి. ఒకేలా వినిపించే పేరు అక్కడ ముందే ఉంటే, దాన్ని కొట్టేసి జాబితాలో తర్వాతి పేరుకు వెళ్ళండి.