సస్పెన్షన్ ఉత్తర్వుపై అప్పీలు రాసే విధానం

చేయని తప్పుకు సస్పెండైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి, క్రమశిక్షణ చర్యలకు సంబంధించిన 1965 నాటి సీసీఎస్ (సీసీఏ) నిబంధనల్లోని 23వ నిబంధన కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. రైల్వే వారికి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు వేరే నిబంధనలున్నాయి. ఉత్తర్వు ప్రతి అందిన నాటి నుంచి 45 రోజుల్లోగా అప్పీలు అధికారికి దరఖాస్తు ఇచ్చి, దాని నకలును సస్పెండ్ చేసిన అధికారికి పంపాలి. ఎవరి అప్పీలు వారే, తమ పేరుతో విడిగా రాసుకోవాలి.

ఇంతవరకు పెద్దగా ఎవరూ పొరపడరు. చిక్కంతా కాగితంలో ఏం రాయాలన్న దగ్గరే వస్తుంది. డబ్బు తీసుకుని రాసిపెట్టేవారి అప్పీళ్లు నేను చూసినవాటిలో మొదటి మూడు పేజీలూ పై అధికారి కక్షసాధింపు, ఇంటి ఇబ్బందులే ఉంటాయి; కేసును నిలబెట్టే తేదీ ఎక్కడో నాలుగో పేజీలో పడి ఉంటుంది. అప్పీలులో అగౌరవకరమైన భాష ఉండరాదనీ, ఆధారపడే వాదనలన్నీ అందులోనే ఉండాలనీ 26వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. కాబట్టి కోపంతో రాసిన ఒక్క వాక్యం మీకే నష్టం.

ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ఈ దశలో అప్పీలు అధికారి మీరు నిర్దోషులా కాదా అని తేల్చరు. 10వ నిబంధన ప్రకారం, పరిస్థితులనుబట్టి, మిమ్మల్ని సస్పెన్షన్‌లో ఉంచడం సమంజసమేనా అని మాత్రమే చూస్తారు. నగదు తరుగు ఆరోపణపై సస్పెండైన ఒక పోస్టల్ అసిస్టెంటు ఇలా రాయవచ్చు:

"9.2.2024 సాయంత్రం నగదు, స్టాంపులు అప్పగించి సంతకం తీసుకున్నాను (జత 1). 10 నుంచి 14 వరకు మంజూరైన సెలవులో ఉన్నాను (జత 2). నన్ను వివరణ కోరిన లేఖ ప్రకారం తరుగు జరిగిన తేదీ 12.2.2024 (జత 3). 4.3.2024 నాటి సస్పెన్షన్ ఉత్తర్వు నాకు 6.3.2024న అందింది. సంబంధిత రికార్డులన్నీ ఇప్పటికే విచారణ చేస్తున్న అధికారి వద్ద ఉన్నాయి. వేరే కార్యాలయంలో పనిచేయడానికి నేను సిద్ధం. కావున సస్పెన్షన్‌ను రద్దు చేయవలసిందిగా ప్రార్థన."

చివరి ప్రార్థనకు ముందున్న రెండు వాక్యాలు చాలామంది వదిలేస్తారు. విధుల్లోకి తీసుకుంటే సాక్ష్యాలకు ముప్పు లేదని అధికారికి నమ్మకం కలిగించేవి అవే. ఈ ఉదాహరణలో గడువు 20.4.2024తో ముగుస్తుంది, దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి.

అప్పీలు వేసినంత మాత్రాన సస్పెన్షన్ ఆగదు. అయితే సస్పెన్షన్ మొదలై 90 రోజులు నిండేలోగా సమీక్షించి పొడిగించకపోతే, సాధారణంగా ఆ ఉత్తర్వు చెల్లదని 10వ నిబంధనే చెబుతోంది కనుక, ఆ తేదీని కూడా రాసిపెట్టుకోండి. అప్పటివరకు, సస్పెన్షన్ కాలంలో జీతానికి బదులు ఇచ్చే జీవనభృతి ఆగకుండా, వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయడం లేదన్న ధ్రువపత్రాన్ని నెలనెలా ఇస్తూ, దాని నకలును అప్పీలు పంపిన స్పీడ్ పోస్టు రసీదుతో కలిపి భద్రపరచుకోవాలి.